ట్యాగ్ చేసింది కదా అని పెట్టేయొచ్చా?

మా పిన్నికి తెనాలిలో మగ్గం వర్క్ షాపు ఉంది. పెళ్లి బ్లౌజులే ఎక్కువ వస్తాయి. నా ఇంటర్ సెలవుల నుంచి ఆ షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేనే చూస్తున్నాను. జీతం నెలకో బిర్యానీ. (పెంచమని అడిగాను, రైతా కూడా ఇస్తానంది.)

బ్లౌజుని హ్యాంగర్‌కి తగిలించి ఫోటో తీస్తే వర్క్ కనిపిస్తుంది కానీ ఫిట్టింగ్ కనిపించదు. చంక దగ్గర ముడతలు పడ్డాయా, వెనక నెక్ భుజం మీంచి జారుతోందా, చేతుల మీద కుందన్స్ బరువుకి కిందకి లాగేస్తున్నాయా అన్నది మనిషి వేసుకుంటేనే తెలుస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లు అడిగేది కూడా అదే: "వేసుకుంటే ఎలా ఉంటుందో ఫోటో ఉందా అండీ?" ఆ ఫోటో మా దగ్గర ఉండదు. పెళ్లి రోజు కస్టమర్ ఫోన్లోనే ఉంటుంది. అందుకే అది వాళ్లంతట వాళ్లు పెట్టి, మమ్మల్ని ట్యాగ్ చేయాలి.

మొదట్లో పిన్ని బ్లౌజు ఇచ్చేటప్పుడే "ఫోటో పెట్టి మమ్మల్ని ట్యాగ్ చేయమ్మా" అని చెప్పేది. అందరూ "అలాగే ఆంటీ" అనేవాళ్లు, ఎవరూ పెట్టేవాళ్లు కాదు. వాళ్ల తప్పేం లేదు. పెళ్లికి ఇంకా వారం ఉంటుంది, ఈలోగా ఎన్ని గుర్తుంటాయి? పైగా మా పేజీ పేరులో రెండు అండర్‌స్కోర్లు ఉన్నాయి. ఒకటి తక్కువ కొడితే వేరే ఎవరికో ట్యాగ్ వెళ్తుంది. అందుకని ఇన్‌స్టాలోనే వచ్చే మా ప్రొఫైల్ క్యూఆర్ కోడ్‌ని చిన్న కార్డు మీద ప్రింట్ చేయించి బ్లౌజు కవర్లో పెట్టడం మొదలుపెట్టాం. పెళ్లయిన నాలుగైదు రోజులకి పిన్ని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడుతుంది. అందులో ముందు అడిగేది ఫోటో కాదు. "ఫిట్టింగ్ సరిపోయిందా అమ్మా, ఎక్కడైనా బిగుతుగా ఉందా?" అని అడుగుతుంది. జవాబుతో పాటు ఫోటో చాలాసార్లు దానంతటదే వస్తుంది. రాకపోతే ఒక్కసారి అడుగుతుంది, రెండోసారి అడగదు.

ట్యాగ్ చేస్తే డిస్కౌంట్ ఇద్దామని నేనే ఒకసారి అన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. డబ్బు తగ్గించి పెట్టించుకుంటే అది మెచ్చుకోలు కాదు, ప్రకటన అంది. తర్వాత చదివితే, ప్రకటనల నియమాలు కూడా దాదాపు అదే మాట చెబుతున్నాయి. డిస్కౌంటో బహుమతో తీసుకుని పొగిడితే ఆ సంగతి పోస్టులో కనబడేలా చెప్పాలట.

సరే, ట్యాగ్ వచ్చింది. ఇప్పుడు ఆ ఫోటో మా పేజీలో పెట్టుకోవచ్చా?

నా రూమ్మేట్ వాళ్ల అక్క విషయంలో జరిగింది చెప్తాను. తన నిశ్చితార్థం ఫోటో ఒకటి వేరే ఊళ్లో ఒక షాపుకి వాట్సాప్‌లో పంపింది. చేతులు వదులుగా ఉన్నాయి, సరిచేయండి అని చూపించడానికి మాత్రమే. వాళ్లు దాన్ని "మా బ్రైడ్" అని పాట పెట్టి రీల్ చేసేశారు. రెండు నెలలకి ఆ సంబంధం తప్పిపోయింది, రీల్ మాత్రం తిరుగుతూనే ఉంది. తీసేయమంటే "ఎంత బాగుందమ్మా, ఎందుకు తీయడం?" అన్నారట. చివరికి తీశారు గానీ, అప్పటికే ఇంకో పేజీ వాళ్లు దాన్ని ఎత్తుకుని పెట్టుకున్నారు. ఆ రెండో పేజీ వాళ్లు మెసేజ్ కూడా చూడలేదు.

చట్టం ఏమంటుందో చూశాను. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవాళ్లే దాని కర్త. డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటో అయితే, వేరే ఒప్పందం లేనంతవరకు, తీయించుకున్నవాళ్లది. అంటే పెళ్లికూతురి తమ్ముడు ఫోన్లో తీస్తే హక్కు తమ్ముడిది. ఫోటోగ్రాఫర్ తీస్తే మామూలుగా డబ్బు కట్టిన కుటుంబానిది. బ్లౌజు కుట్టిన షాపుది ఏ లెక్కలోనూ కాదు! ట్యాగ్ అంటే "ఇది వీళ్లు కుట్టారు" అని చెప్పడం, "మీరు వాడుకోండి" అని కాదు.

ఇన్‌స్టాలో ఇంకో చిక్కు ఉంది. ఎవరైనా తన స్టోరీలో మా పేరు మెన్షన్ చేస్తే మాకు మెసేజ్ వస్తుంది, అందులో Add to your story అనే బటన్ ఉంటుంది. అది కనిపించగానే పర్మిషన్ వచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ ఆ అమ్మాయి పెట్టింది ఇరవై నాలుగు గంటల్లో పోయే స్టోరీ. దాన్ని మేం హైలైట్స్‌లో వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. తను ఒక రోజుకి ఇచ్చినదాన్ని మేం శాశ్వతం చేసినట్టు. ఇక ప్రైవేట్ అకౌంట్ వాళ్ల పోస్టు వాళ్ల ఫాలోవర్లకి తప్ప కనబడదు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మా పేజీలో పెడితే తను వేసుకున్న తలుపు మేం తీసినట్టే.

మా సీఎస్ఈ వాళ్ల భాషలో, పర్మిషన్ అనేది బూలియన్ కాదు. ఏ ఫోటో, ఎక్కడ, పేరుతోనా పేరు లేకుండానా, ఎన్నాళ్లు అని నాలుగు విషయాలుంటాయి. జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క.

మొన్నటి పెళ్లిళ్ల సీజన్లో వచ్చిన ఒక కేసు చెప్తాను. ఎర్ర బ్లౌజు, వీపు మీద జర్దోసీతో రెండు నెమళ్లు. ఆ అక్క రిసెప్షన్ ఫోటోలు రెండు పెట్టి ట్యాగ్ చేసింది. ఒకటి తమ్ముడు వెనక నుంచి తీసింది. రెండోది ఫోటోగ్రాఫర్ తీసింది, మూలన వాళ్ల స్టూడియో పేరు, ఫ్రేములో భర్త, అత్తగారు. నేను పంపిన మెసేజ్ ఇది:

"అక్కా, రెండు ఫోటోలూ చాలా బాగున్నాయి. వెనక నుంచి తీసింది మా పేజీ పోస్టుగా పెట్టుకోవచ్చా? మీ పేరు ట్యాగ్ చేయాలా, వద్దా? ఫోటో తీసినవాళ్లకి కూడా ఓకేనా? వద్దంటే ఏం పర్లేదు. పెట్టాక ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తాం."

తమ్ముడు ఓకే అన్నాడని, ట్యాగ్ మాత్రం వద్దని చెప్పింది. రెండో ఫోటో నేను అడగకపోయినా "అది అత్తయ్యని అడిగి చెప్తా" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఒకవేళ ఓకే అని ఉంటే స్టూడియో పేరు కత్తిరించకుండా పెట్టేవాళ్లం. వాళ్ల ఒప్పందంలో ఏముందో మాకు తెలియదు కాబట్టి స్టూడియో వాళ్లనీ ఒక మాట అడిగేవాళ్లం.

తమాషా ఏంటంటే, ఆ వెనక ఫోటోకి వచ్చినన్ని ఎంక్వైరీలు మొహం కనిపించే ఏ ఫోటోకీ రాలేదు. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు చూసేది బ్యాక్ నెక్ కదా, పెళ్లికూతురి నవ్వు కాదు! అందుకే ఇప్పుడు ముందుగా మొహం లేని ఫోటోనే అడుగుతున్నాం. "సరే" అనడం వాళ్లకి చాలా తేలిక.

కస్టమర్‌కి ఇన్‌స్టా బాగా వచ్చు అనిపిస్తే ఇంకో దారి చెప్తాం. తన పోస్టుకి మమ్మల్ని కొలాబరేటర్‌గా ఆహ్వానించమంటాం. అప్పుడు ఒకే పోస్టు ఇద్దరి ప్రొఫైల్స్‌లోనూ కనిపిస్తుంది, కానీ అది తనది. తను డిలీట్ చేస్తే మా దగ్గరా పోతుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు.

మిగతావాటికి ఒక షీట్ పెట్టుకున్నాను. ఎవరు, ఏ ఫోటో, ఏ తేదీన సరే అన్నారు, ఎక్కడెక్కడ పెట్టాం. చివరి కాలమ్ ఎంత ముఖ్యమో తీసేయమని మెసేజ్ వచ్చిన రోజు తెలిసింది. పోస్టు తీస్తే సరిపోదు. హైలైట్స్‌లో ఉంటుంది, వాట్సాప్ కేటలాగ్‌లో ఉంటుంది, కౌంటర్ మీద డిజైన్లు చూపించే ట్యాబ్‌లో ఉంటుంది. ముందు అన్నిచోట్లా తీసేసి, తర్వాత "తీసేశామమ్మా" అని చెప్తాం. ఎందుకని మాత్రం అడగం.

షాపు ముందు ఫ్లెక్సీకి మాత్రం కస్టమర్ల ఫోటోలు అసలు వాడం, వాళ్లు సరే అన్నా సరే. దాని మీద పిన్నికి కూతురి వరసయ్యే ఒకమ్మాయి బొమ్మే ఉంటుంది, అదీ వెనక నుంచి. ఎవరో నేను చెప్పను.