ఆటోక్లేవ్: ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత, సూచికలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఆటోక్లేవ్‌లో సూక్ష్మజీవులను చంపేది ఏదో, అందులో పీడనం పాత్ర ఏమిటో వివరించగలరు.
- గాలి మిగిలిపోతే గేజి చూపే అంకె ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో లెక్కవేసి చూపగలరు.
- టేపు, రసాయన సూచిక, జీవ సూచిక దేనికదే ఏం చెబుతుందో గుర్తించగలరు.

పరిచయం

బెల్లంకొండ వంటి మండల కేంద్రంలో ఒక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించుకోండి. అక్కడ కాన్పులకు వాడే కత్తెరలు, బొడ్డుతాడు బిగించే క్లాంపులు, గాజుగుడ్డ, దూది అన్నీ స్టీలు డ్రమ్ములో సర్ది ఆటోక్లేవ్‌లో పెడతారు. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా గట్టి పొరలున్న స్పోర్ల రూపంలో మట్టిలో, దుమ్ములో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. నీటిలో మరిగించినంత మాత్రాన ఈ స్పోర్లు తప్పక చస్తాయని చెప్పలేం. ఆ కత్తెరతో బొడ్డుతాడు కోసినప్పుడు స్పోరు మిగిలి ఉంటే ప్రమాదం శిశువుకే. అందుకే పరికరం శుభ్రంగా కనిపిస్తే చాలదు, స్టెరిలైజేషన్ నిజంగా జరిగిందా అనేది తెలియాలి. కంటికి కనిపించని ఈ విషయాన్ని ఎలా తెలుసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

ఆవిరి ఎందుకు?

పొడి గాలితో స్టెరిలైజ్ చేయాలంటే హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు ఉంచాలి. ఆవిరితో అయితే 121 డిగ్రీల వద్ద కొద్ది నిమిషాలు సరిపోతాయి. ఇంత తేడాకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఆవిరి తనతో మోసుకొచ్చే వేడి. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 70 కేలరీలు చాలు. కానీ 121 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము, చల్లటి పరికరాన్ని తాకి నీరుగా మారేటప్పుడు సుమారు 525 కేలరీలను విడిచిపెడుతుంది. దీనినే గుప్తోష్ణం అంటాం. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చేతికి తగిలిన ఆవిరి అంతగా కాల్చడానికి కారణం ఇదే. రెండవది తేమ. కణంలోని ప్రోటీన్లు పొడిగా ఉన్నప్పటికంటే తడిగా ఉన్నప్పుడు తక్కువ వేడికే గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి.

అంటే ఆవిరి పరికరం ప్రతి భాగాన్నీ తాకాలి, తాకి నీరుగా మారాలి. ఆవిరి చేరని చోట స్టెరిలైజేషన్ జరగదు.

పీడనం చేసే పని

ఆటోక్లేవ్‌లో సూక్ష్మజీవులను పీడనం చంపుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మనం వాడే పీడనానికి స్పోర్లు చెక్కుచెదరవు. పీడనం వల్ల జరిగేది ఒక్కటే: నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మూత లేని గిన్నెలో ఎంత మంట పెట్టినా నీరు 100 డిగ్రీలు దాటదు. మూసిన పాత్రలో ఆవిరిని చదరపు అంగుళానికి 15 పౌండ్ల గేజి పీడనం వరకు పోగుచేస్తే 121 డిగ్రీలకు చేరుతుంది. వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడకడం వెనుక ఉన్నది ఇదే సూత్రం.

ఇక్కడ గేజి గురించి ఒక మాట గుర్తుంచుకోండి. గేజి బయటి వాతావరణ పీడనం కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే చూపుతుంది. వాతావరణ పీడనం కూడా సుమారు 15 పౌండ్లు. కాబట్టి గేజి 15 చూపినప్పుడు లోపలి మొత్తం పీడనం సుమారు 30 పౌండ్లు. కృష్ణా తీరానికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉన్న బెల్లంకొండ ప్రాంతంలో ఈ లెక్క సరిపోతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో వాతావరణ పీడనం తక్కువ కనుక అదే 121 డిగ్రీలకు గేజి మీద సుమారు 16.5 పౌండ్లు కావాలి.

గాలి మిగిలిపోతే ఏమవుతుంది?

గేజికి ఆవిరికీ గాలికీ తేడా తెలియదు. రెండూ కలిసి కలిగించే పీడనాన్నే అది చూపుతుంది. కానీ పరికరాలకు అందే ఉష్ణోగ్రత ఆవిరి వంతు పీడనాన్ని బట్టే ఉంటుంది. ఒక ఉదాహరణతో లెక్కవేద్దాం.

మన ఆరోగ్య కేంద్రంలో తొందర వల్ల ఆవిరి వాల్వును ముందే మూసేశారనుకుందాం. లోపలి గాలిలో సగం అలాగే ఉండిపోయింది. గేజి 15 పౌండ్లు చేరింది, మొత్తం పీడనం 30. ఇందులో మిగిలిన గాలి వంతు సుమారు 7.5. ఆవిరి వంతు 22.5 మాత్రమే. ఆ పీడనం వద్ద ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 112 డిగ్రీలు. గాలిని అసలే పంపకపోతే ఆవిరి వంతు 15 పౌండ్లే, ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మూడు సందర్భాల్లోనూ గేజి ముల్లు ఒకే అంకె దగ్గర ఉంటుంది.

తొమ్మిది డిగ్రీల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే స్పోర్లను చంపడానికి పట్టే కాలం దాదాపు పది రెట్లు పెరుగుతుంది. తొమ్మిది డిగ్రీలకు సుమారు ఎనిమిది రెట్లు. అంటే 112 డిగ్రీల వద్ద గడిపిన 30 నిమిషాలు, 121 డిగ్రీల వద్ద గడిపిన నాలుగు నిమిషాలకు కూడా సాటిరావు. ఆవిరికి బాగా తట్టుకునే ఒక జాతి స్పోర్లు పది లక్షలు ఉన్నాయనుకుందాం. 121 డిగ్రీల వద్ద ప్రతి ఒకటిన్నర నిమిషానికి వాటిలో పదో వంతే మిగులుతాయి అనుకుంటే, తొమ్మిది నిమిషాలకు ఒక్కటే మిగులుతుంది. మిగతా సమయమంతా భద్రత కోసం. అదే 112 డిగ్రీల చక్రంలో 30 నిమిషాలు పూర్తయినా వేల సంఖ్యలో స్పోర్లు బతికే ఉంటాయి.

గాలిని పంపే విధానం

చిన్న కేంద్రాల్లో ఉండే నిలువు ఆటోక్లేవ్‌లో ఈ క్రమాన్ని పాటించాలి.

1. హీటరు పూర్తిగా మునిగేలా నీరు పోయాలి.
2. డ్రమ్ము పక్కనున్న రంధ్రాలను తెరవాలి. గుడ్డలను కుక్కి పెట్టకూడదు. బిగువుగా పేర్చిన కట్టల మధ్య చిక్కిన గాలి బయటకు రాదు.
3. ఖాళీ గిన్నెలు, ట్రేలను పక్కకు వాల్చి పెట్టాలి. గాలి ఆవిరి కంటే బరువు. నిలబెట్టిన గిన్నెలో అది నీరులా అడుగున నిలిచిపోతుంది.
4. వాల్వు తెరిచి ఉంచి వేడి చేయాలి. మొదట గాలీ ఆవిరీ కలిసి తెరలు తెరలుగా వస్తాయి. ఆవిరి ఆగకుండా ధారగా రావడం మొదలయ్యాక, తయారీదారు సూచించిన నిమిషాలు గడిచిన తరువాతే వాల్వు మూయాలి.
5. 121 డిగ్రీలు చేరిన క్షణం నుంచే సమయం లెక్కించాలి. స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. గుడ్డ చుట్టిన కట్టలకు 30 నిమిషాలు.
6. పీడనం సున్నాకు వచ్చాకే మూత తీయాలి. కట్టలు పూర్తిగా ఆరాక డ్రమ్ము రంధ్రాలు మూయాలి. తడి గుడ్డ గుండా బయటి సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి కనుక తడిగా ఉన్న కట్టను స్టెరైల్‌గా లెక్కించకూడదు.

సూచికలు ఏం చెబుతాయి?

చక్రం సరిగా జరిగిందో లేదో మూడు రకాల సూచికలు చెబుతాయి. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

టేపు: కట్ట బయట అంటించే ఈ టేపు మీది గీతలు వేడికి నల్లబడతాయి. ఇది జవాబిచ్చే ప్రశ్న ‘ఈ కట్ట ఆటోక్లేవ్‌లోకి వెళ్లివచ్చిందా?’ అన్నదే. వెళ్లిన కట్టనూ వెళ్లని కట్టనూ కలిసిపోకుండా ఇది కాపాడుతుంది. మనం చూసిన 112 డిగ్రీల చక్రంలో కూడా టేపు నల్లబడవచ్చు. కాబట్టి నల్లటి గీతలను స్టెరిలైజేషన్‌కు రుజువుగా తీసుకోకూడదు.

కట్ట లోపలి రసాయన సూచిక: ఇంటిగ్రేటర్ అనే పట్టీ ఉష్ణోగ్రత, సమయం, ఆవిరి మూడూ తగినంత అందితేనే ‘పాస్’ గడిని చేరుతుంది. దీన్ని కట్ట మధ్యలో పెడతారు. అక్కడ గాలి చిక్కితే ఇది సగంలోనే ఆగిపోతుంది. కట్ట విప్పిన వెంటనే చదవవచ్చు. అయితే ఇది సూక్ష్మజీవి కాదు, రసాయనం. పరిస్థితులు సరిపోయాయని చెబుతుంది, చంపడం జరిగిందని నేరుగా చూపదు.

జీవ సూచిక: ఇందులో జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా స్పోర్లు ఉంటాయి. మనిషికి హాని చేయని ఈ బాక్టీరియా ఆవిరి వేడిని బాగా తట్టుకుంటుంది. ఇవే చనిపోతే మిగతావి మిగలవని భావిస్తాం. ఆవిరి చేరడం కష్టమైన చోట, బాగా మందమైన కట్ట నడుమ దీన్ని ఉంచాలి. చక్రం ముగిశాక 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఇంక్యుబేటర్‌లో 24 నుంచి 48 గంటలు పెంచాలి. స్పోర్లు బతికి ఉంటే అవి పెరిగి ఆమ్లం తయారవుతుంది. సాధారణంగా ఊదా రంగు ద్రవం పసుపుకు మారుతుంది.

దీనితో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టని అదే బ్యాచ్ గొట్టం ఒకటి కంట్రోల్‌గా పెంచాలి. ఫలితాన్ని ఇలా చదవండి:
- కంట్రోల్ పసుపు, పరీక్ష గొట్టం ఊదా: చక్రం విజయవంతం.
- రెండూ పసుపు: చక్రం విఫలం. ఆ సామాను వాడకూడదు.
- రెండూ ఊదా: కంట్రోల్‌లోని స్పోర్లే పెరగలేదు. గొట్టాలు పాడై ఉండవచ్చు, లేదా ఇంక్యుబేటర్ వేడెక్కి ఉండకపోవచ్చు. పరీక్ష చెల్లదు.

మూడో ఫలితాన్ని విజయంగా రాసుకోవడం తరచు జరిగే పొరపాటు. కంట్రోల్ లేని ఊదా రంగుకు అర్థం లేదు.

ఒక నిజ సంఘటన

1972లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నగరం డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో డెక్స్‌ట్రోజ్ ద్రావణం ఎక్కించిన తరువాత కొందరు రోగులు మరణించారు. సీసాల్లో బాక్టీరియా పెరిగి ఉంది. క్లోథియర్ అధ్యక్షతన విచారణ జరిగింది. ఆ బ్యాచ్‌ను అంతకు ముందటి ఏడాది ఆటోక్లేవ్ చేసినప్పుడు అడుగున గాలి నిలిచిపోయిందని, దాంతో అడుగు వరుసల సీసాలకు తగిన వేడి అందలేదని తేలింది. ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం వేడి పెరగలేదని చూపింది. కానీ సిబ్బంది పరికరమే చెడిపోయిందని భావించి వేరే కొలతలను నమ్మారు. కొన్ని సీసాలను తీసి చేసిన పరీక్షలో ఆ బ్యాచ్ నెగ్గింది కూడా.

పైన చెప్పిన విషయాలన్నీ ఈ సంఘటనలో కనిపిస్తాయి. ఒక యంత్రంలోనే పై భాగం స్టెరైల్‌గా, అడుగు భాగం కాకుండా ఉండవచ్చు. అందుకే సూచికను అందుబాటుగా ఉన్నచోట కాక, కష్టమైన చోట పెట్టాలి. ఒక సూచన మిగతావాటితో విభేదిస్తే, కారణం తేలేవరకు ఆ సామానును పక్కన పెట్టాలి. ప్రతి చక్రానికీ తేదీ, ఉష్ణోగ్రత, సమయం, సూచికల ఫలితం రిజిస్టరులో రాసి ఉంటే, తరువాత విఫలమని తేలినప్పుడు ఏ డ్రమ్మును వెనక్కి తీసుకోవాలో తెలుస్తుంది.

సారాంశం

ఆటోక్లేవ్‌లో చంపేది 121 డిగ్రీల తడి వేడి. ఆ వేడిని చేరడానికి పీడనం ఒక సాధనం. గాలి మిగిలితే గేజి సరిగానే ఉన్నా ఉష్ణోగ్రత చాలదు. టేపు కట్ట లోపలికి వెళ్లివచ్చిందని, లోపలి రసాయన సూచిక పరిస్థితులు సరిపోయాయని, జీవ సూచిక స్పోర్లు చనిపోయాయని చెబుతాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. గేజి 15 పౌండ్లు చూపుతోంది, గాలిలో మూడో వంతు లోపలే ఉంది. ఆవిరి వంతు పీడనం ఎంత?
2. టేపు నల్లబడింది, ఇంటిగ్రేటర్ సగంలో ఆగింది. ఈ కట్టను ఏం చేస్తారు? ఎందుకు?
3. కంట్రోల్ గొట్టం లేకుండా జీవ సూచిక ఫలితాన్ని ఎందుకు నమ్మకూడదు?

జవాబులు: 1. సుమారు 25 పౌండ్లు; ఉష్ణోగ్రత దాదాపు 115 డిగ్రీలే. 2. వాడకూడదు. కట్ట లోపలికి వెళ్లింది కానీ మధ్యభాగానికి తగిన ఆవిరి అందలేదు. కట్టను మళ్లీ వదులుగా కట్టి, గాలి పూర్తిగా పంపి, కొత్త సూచికతో చక్రం నడపాలి. 3. స్పోర్లు ఆవిరికి చనిపోయాయో, ముందే చనిపోయి ఉన్నాయో తేల్చలేం కనుక.