చిన్న పుస్తకంలో 8 పక్కన 1 ఎందుకు?

స్టేపుల్ పిన్నులు కొట్టిన ఓ పలచని పుస్తకం తీసుకుని, పిన్నులు విప్పి, పై కాగితాన్ని పరిచి చూడండి. ఎడమవైపు చివరి పేజీ, కుడివైపు మొదటి పేజీ కనిపిస్తాయి. అచ్చు తప్పు కాదది. కాగితాన్ని మధ్యకు మడిచినప్పుడు దాని ఒక సగం పుస్తకం ముందుకూ, రెండో సగం వెనక్కూ పోతుంది. అందుకే మొదటి పేజీకి జంట చివరి పేజీయే.

8 పేజీల పుస్తకానికి రెండు ఎ4 కాగితాలు చాలు. అడ్డంగా పెట్టిన మొదటి కాగితం మీద ఎడమ 8, కుడి 1 రావాలి. 1 వెనకే 2 ఉండాలి కాబట్టి, కాగితం తిప్పితే ఎడమ 2, కుడి 7. రెండో కాగితం మీద 6, 3. దాని వెనక 4, 5. ఏ జంటను కూడినా 9 వస్తుంది, అంటే మొత్తం పేజీల కన్నా ఒకటి ఎక్కువ. బేసి సంఖ్య ఎప్పుడూ కుడివైపే. ఈ రెండూ సరిపోతే వరస కుదిరినట్టే.

మీ కథ 6 పేజీలకే అయిపోతే? ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు కాబట్టి మిగిలిన రెండూ ఖాళీగా వదలాలి, లేదా బొమ్మలతో నింపాలి.

ఎక్కువమంది తడబడేది ప్రింటర్ దగ్గర. కాగితాన్ని పొడవు అంచు మీద తిప్పితే వెనక పేజీలు తలకిందులవుతాయి. సెట్టింగుల్లో Flip on short edge ఎంచుకోండి. ముందుగా నాలుగు పేజీల మీదా అంకెలు మాత్రమే వేసిన ఒక్క కాగితం ప్రింట్ తీసి, మడిచి చూసుకోండి.