ఏ ఫిషింగ్ హార్బర్? ఏ శ్రీకాకుళం? ఒకే పేరున్న ఊళ్లను మ్యాప్ ఎలా తేల్చుకుంటుంది

2023 నవంబర్ 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. అలాంటి రాత్రుల్లో ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలో చాలాసార్లు ఊరి పేరు ఉండదు. “ఫిషింగ్ హార్బర్‌లో అగ్నిప్రమాదం” అని మాత్రమే ఉంటుంది. కాకినాడలో ఫిషింగ్ హార్బర్ ఉంది, నిజాంపట్నంలో ఉంది, మచిలీపట్నంలో ఉంది, చెన్నై కాశిమేడులోనూ ఉంది. బోటు మీద పనికెళ్లిన కొడుకు ఉన్న ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఏ హార్బర్?

వార్తల్లోని పేరు చూసి మ్యాప్ మీద చుక్క పెట్టే కంప్యూటర్ ప్రోగ్రాముకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పేరును అక్షాంశ రేఖాంశాలుగా మార్చే ఈ పనిని జియోకోడింగ్ అంటారు. పేరు ఒకటే అయి ఊళ్లు పది ఉన్నప్పుడు అది ఏం చేస్తుందో చూద్దాం.

మొదటి పని: జాబితా తీయడం

ప్రోగ్రాము దగ్గర ఊళ్ల పేర్ల పెద్ద పట్టిక ఉంటుంది. జియోనేమ్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటివి అందరికీ తెరిచి ఉన్న పట్టికలు. అడిగిన పేరుతో అక్కడ ఎన్ని చోట్లు ఉన్నాయో అన్నీ బయటికి తీస్తుంది. ఈ దశలో దేన్నీ కొట్టేయకూడదు. అసలైన ఊరు జాబితాలోనే లేకపోతే తర్వాత ఎంత తెలివిగా లెక్క కట్టినా అది దొరకదు.

లిపి మారినప్పుడు ఇక్కడే దెబ్బ పడుతుంది. తెలుగులో పశ్చిమ గోదావరి ‘నరసాపురం’ వేరు, మెదక్ జిల్లా ‘నర్సాపూర్’ వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ చాలాసార్లు ఒకే స్పెల్లింగుతో కనిపిస్తాయి. ఉర్దూలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు కాబట్టి అక్కడ తేడా ఇంకా తగ్గిపోతుంది. పైగా మాటల్లో మనమే గోదావరి ఊరిని కూడా ‘నర్సాపూర్’ అనేస్తాం. అందుకే మంచి పట్టికలో ప్రతి ఊరికీ అన్ని రూపాలూ నమోదై ఉండాలి.

రెండో పని: ఎవరికి మొగ్గు

జాబితా వచ్చాక, ఇంకేమీ తెలియనప్పుడు ఎవరికి ఎక్కువ అవకాశం అని చూస్తుంది. జనాభా, జిల్లా కేంద్రమా కాదా, జనం ఆ పేరును ఎక్కువగా దేనికి వాడుతున్నారు అన్నవి ఇక్కడ కొలతలు. పెద్ద ఊరికే మొగ్గు. చాలాసార్లు అది సరైనదే అవుతుంది. కానీ చిన్న ఊరివాళ్లకు ఎప్పుడూ అన్యాయం జరిగేది కూడా ఇక్కడే.

మూడో పని: పక్క మాటలు చూడటం

శ్రీకాకుళం తీసుకోండి. అందరికీ తెలిసింది ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఇంకో శ్రీకాకుళం ఉంది, కృష్ణ ఒడ్డున. రెండింటి మధ్య గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 400 కిలోమీటర్లు.

హార్బర్‌లో ఒకాయన గురించి “ఆయనది శ్రీకాకుళం” అని మాత్రమే రాశారనుకుందాం. అర్థమయ్యేలా ఉజ్జాయింపు అంకెలు వేసుకుందాం: నూటికి 98 పాళ్లు జిల్లా కేంద్రం, 2 పాళ్లు కృష్ణా జిల్లా ఊరు. అదే వార్తలో ‘ఘంటసాల’ అన్న మాట కనిపించింది. కృష్ణా ఊరి గురించి రాసేటప్పుడు ఆ మాట రావడానికి అవకాశం, అవతలి ఊరి గురించి రాసేటప్పటి కంటే 100 రెట్లు ఎక్కువ అనుకుందాం. ఆ 2ను 100తో హెచ్చవేస్తే 200. ఇప్పుడు 98కి 200. చిన్న ఊరు ముందుకొచ్చింది, కానీ నమ్మకం నూటికి 67 మాత్రమే.

ఇంకాస్త కిందికి ‘మొవ్వ’ అని కూడా ఉంది. మళ్లీ 100తో హెచ్చవేయొచ్చా? కూడదు. మొవ్వ, ఘంటసాల పక్కపక్క మండలాలు. ఒకటి వచ్చినచోట రెండోది రావడం మామూలే. ఒకే ఇంట్లోని ఇద్దరి సాక్ష్యాన్ని పూర్తిగా రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టం కదా. అందుకని 10తో సరిపెడదాం: 98కి 2,000. ఇప్పుడు నమ్మకం నూటికి 95. చుక్క కృష్ణా జిల్లాలో పెట్టొచ్చు.

ఈ లెక్క వెనక ఇంకో సూత్రం ఉంది. ఒక వార్తలో చెప్పిన ఊళ్లు సాధారణంగా ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అన్ని పేర్లూ అతి తక్కువ మేర నేలలో ఇమిడే జోడింపునే ప్రోగ్రాము ఎంచుకుంటుంది.

సాక్షి కూడా తడబడొచ్చు

దగ్గరి సూత్రం హార్బర్ వార్తల్లో మోసం చేస్తుంది. బోట్ల మీద పనిచేసేవాళ్లు దూరపు ఊళ్ల నుంచి వస్తారు. విశాఖ హార్బర్ పేరు పక్కన ఉన్నంత మాత్రాన దగ్గరి శ్రీకాకుళమే అనుకుంటే కృష్ణా నుంచి వచ్చినాయన తప్పిపోతాడు. అందుకే సంఘటన జరిగిన చోటునూ, మనిషి సొంతూరునూ వేర్వేరుగా లెక్కించాలి. ‘లో’ అన్న ప్రత్యయం మొదటిదాన్ని సూచిస్తే, ‘ఆయనది’, ‘కు చెందిన’ అన్నవి రెండోదాన్ని సూచిస్తాయి.

ఆసుపత్రి పేర్లూ అంతే. ‘కేజీహెచ్‌కి తీసుకెళ్లారు’ అంటే విశాఖ అని చాలావరకు అనుకోవచ్చు. కానీ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి సీరియస్ కేసులు అక్కడికే పంపుతారు కాబట్టి ప్రమాదం కూడా విశాఖలోనే జరిగిందని తేలదు. ‘జీజీహెచ్’ అయితే ఇంకా కష్టం. కాకినాడలో ఉంది, గుంటూరులోనూ ఉంది. సాక్షి ఎవరో ముందు తేల్చుకోవాలి.

చేసి చూడండి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెతుకులాట యంత్రం నామినాటిమ్‌కు విశాఖ చుట్టూ గీసిన పెట్టెను సందర్భంగా ఇవ్వొచ్చు:

```
https://nominatim.openstreetmap.org/search?q=Fishing+Harbour&countrycodes=in&viewbox=83.1,17.9,83.5,17.5&limit=5&format=jsonv2
```

ఈ పెట్టె మొగ్గు మాత్రమే ఇస్తుంది, బయటి చోట్లను కొట్టేయదు. చివర `&bounded=1` కలిపితే లోపలివి మాత్రమే చూపిస్తుంది. రెండు రకాలుగా అడిగి జవాబులు పక్కపక్కన పెట్టుకుంటే సందర్భం బలం ఎంతో కళ్లకు కడుతుంది. రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాయాలన్నది మర్చిపోవద్దు. విశాఖ హార్బర్ ఉన్నది సుమారు 17.7, 83.3 దగ్గర. ఆ రెండూ తారుమారైతే చుక్క ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో పడుతుంది. నీళ్ల మధ్యలో ఊరు కనిపించిందంటే ముందు చూడాల్సింది అదే.

తెలియనప్పుడు ఆగాలి

మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా కొద్దిగానే ఉంటే చుక్క పెట్టకూడదు. “విశాఖ లేదా కాకినాడ, తేలలేదు” అని రాయడమే నిజాయితీ. తప్పు చుక్క వల్ల ఒక ఇంట్లో ఉత్తి పుణ్యానికి ఏడుపులు, ఇంకో ఇంట్లో లేనిపోని ధీమా.

ఈ చిక్కుకు మన పెద్దలు ఏనాడో మందు కనిపెట్టారు. ఉర్దూలో హైదరాబాద్ దక్కన్, హైదరాబాద్ సింధ్ అని విడిగా చెప్పేది అందుకే. ఊరి పేరు వెంట ఇంకో మాట ఉంటే లెక్కలన్నీ తప్పుతాయి. మెసేజ్ పంపేటప్పుడు జిల్లా, మండలం పేరు రాయండి, వీలైతే పిన్‌కోడ్ కూడా. శ్రీకాకుళం జిల్లా పిన్ 532తో మొదలవుతుంది, కృష్ణా జిల్లా శ్రీకాకుళానిది 521తో. ఆ మూడు అంకెలు చాలు.