సబ్బు లేబుల్ రాసేది తయారీ గదిలోనే

డ్వాక్రా సంఘాల మహిళలతో హెర్బల్ సబ్బులు, తలనూనెల గురించి మాట్లాడేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న లేబుల్ గురించే. "మేడమ్, సంఘం పేరు పైన పెట్టి, కింద మందారపువ్వు బొమ్మ వేయిస్తే బాగుంటుంది కదా?" అని ఇటీవల ఒక సమావేశంలోనూ అడిగారు. బొమ్మ ఏదైనా పరవాలేదు. కానీ ఏమేం కలిపారు, ఎంత బరువుంది, ఎప్పటిలోగా వాడాలి అనేవి చట్టం అడిగే వివరాలు. వాటికి జవాబులు తయారీ గదిలో తేలాల్సిందే. అందుకే ఆ రోజు లేబుల్ మీది ఒక్కో వరుస పట్టుకుని, అది ఎక్కడ పుడుతుందో చెప్పుకుంటూ వెళ్లాను.

మొదటిది బరువు. కిలో నూనెతో ఒక విడత సబ్బు చేస్తున్నామనుకుందాం. కొబ్బరినూనె 700 గ్రాములు, నువ్వులనూనె 300 గ్రాములు. ఒక గ్రాము కొబ్బరినూనె సబ్బుగా మారడానికి సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. నువ్వులనూనెకైతే 0.134 గ్రాములు చాలు. లెక్క వేస్తే మొత్తం 168 గ్రాములు వస్తుంది. అంతా వేసేస్తే, తూకంలో చిన్న తేడా వచ్చినా సోడా మిగిలిపోయి చర్మాన్ని మండిస్తుంది. అందుకని నూటికి అయిదు వంతులు తగ్గించి 160 గ్రాములు వేస్తాం. మిగిలే కాస్త నూనె చర్మానికి మెత్తదనం ఇస్తుంది. నీళ్లు 320 గ్రాములు. చెంచాలతో, గ్లాసులతో కొలిస్తే ఈ లెక్క నిలవదు. గ్రాము వరకు చూపించే ఎలక్ట్రానిక్ కాటా ముందు కొనుక్కోవాలి. నూనె మారిస్తే సోడా లెక్క కూడా మారుతుంది. పక్క ఊరి సంఘం కొలతలను మన నూనెలకు వాడకూడదు.

సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల జాకెట్ లేదా పాత చొక్కా తప్పనిసరి. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. మనం సిల్వర్ గిన్నెలు అనే అల్యూమినియం పాత్రలు ఈ పనికి అసలు పనికిరావు. సోడా ఆ లోహాన్ని తినేస్తూ, మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. మంచి స్టీలు గిన్నెలు వాడాలి. వాటిని మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకూడదు. చర్మం మీద పడితే నిమ్మరసం, వెనిగర్ అంటూ వెతక్కుండా వెంటనే ధారగా నీళ్లు పోసుకుంటూ ఉండాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి బయల్దేరాలి.

మర్నాడు కోసిన ముక్కలను నాలుగు నుంచి ఆరు వారాలు గాలి ఆడేచోట ఆరబెట్టాలి. ఈలోగా నీరు ఆవిరై సబ్బు బరువు పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. కోసిన రోజు 100 గ్రాములు తూగిందని అట్టపెట్టె మీద 100 అని వేయిస్తే, కొన్నామె చేతికి 88 గ్రాములు వెళ్లొచ్చు. తూనికల చట్టం దృష్టిలో అది తక్కువ తూకం. కాబట్టి 115 గ్రాములకు కోసి, ఆరాక మళ్లీ తూచి, అన్నిటికన్నా తేలికైన ముక్క కూడా 100కు తగ్గలేదని చూసుకున్నాకే ఆ అంకె వేయించాలి.

రెండోది, ఏమేం వేశారన్న వరుస. ఎక్కువ బరువున్న పదార్థం పేరు ముందు, తక్కువది తర్వాత రావాలి. "మేం రసాయనాలు వాడలేదు అని రాసుకోవచ్చా?" అని ఒకామె అడిగింది. కాస్టిక్ సోడా రసాయనమే కనుక అలా రాయడం కుదరదు. సరిగ్గా ఆరిన సబ్బులో అది విడిగా మిగలదన్నది వేరే సంగతి. బజారులో దొరికే సోప్ బేస్ కరిగించి పోస్తున్న సంఘాలు ఆ బేస్‌లో ఉన్న పదార్థాల జాబితాను అమ్మినవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. వేప, తులసి అని రెండు పేర్లు రాసి సరిపెట్టలేం.

ఇక్కడే రంగు గురించి ఒక మాట. పసుపు వేసిన సబ్బు పచ్చగా రాకుండా ఎర్రబడితే కంగారు పడి చాలామంది పారబోస్తారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రనైనట్టే, సోడా క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. ఆరేకొద్దీ ఆ ఎరుపు తగ్గుతుంది. వేపాకు పచ్చదనమూ నిలవదు, గోధుమరంగుకు తిరుగుతుంది. పచ్చగా కనబడాలని ఏదో రంగు పొడి కలిపితే, అది సౌందర్య సాధనాలకు అనుమతి ఉన్న రంగే కావాలి, దాని పేరూ లేబుల్ మీదికి ఎక్కాలి.

మూడోది గడువు. ఇది శుభ్రత మీద ఆధారపడే వరుస. తలనూనెలో ఇది మరీ ముఖ్యం. నూనెకు అసలు శత్రువు తడి. గుంటగలగర, మందార, కరివేపాకు, ఉసిరి పచ్చిగా వేసి, నీరు ఇంకకముందే దించేస్తే ఆ తడి సీసా అడుగుకు చేరుతుంది. కొన్ని వారాలకు అడుగున మసక, మూత దగ్గర బూజు, తెరవగానే పాత నూనె వాసన. దీనికి ఆయుర్వేదంలో చక్కని పరీక్ష ఉంది. కాగుతున్న నూనెలోంచి ఆకు ముద్దను కొంచెం తీసి, వత్తిలా నలిపి నిప్పులో పెట్టాలి. చిటపటలాడితే ఇంకా తడి ఉన్నట్టు. చప్పుడు లేకుండా కాలితే దించొచ్చు. అలాగని ముద్ద నల్లగా మాడేదాకా ఉంచకూడదు.

తడి రెండోసారి చొరబడేది సీసాలోంచి. కడిగిన సీసాలను బోర్లించి, పూర్తిగా ఆరాకే నింపాలి. మూతలకూ, గరాటుకూ, వడకట్టే గుడ్డకూ ఇదే నియమం. పాత మందు సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు వద్దు. నూనె చల్లారాకే పోయాలి, వేడిగా పోస్తే ప్లాస్టిక్ సీసా వంకర్లు పోతుంది. జుట్టు ముడి మీద టోపీ, కత్తిరించిన గోళ్లు, గాజులు తీసిన చేతులు ఉండాలి. చేతి మీద పుండున్నవారు ఆ రోజు తూకాలు, లెక్కలు చూసుకోవాలి. కలబంద గుజ్జు, రోజ్‌వాటర్ లాంటి నీటి సరుకులు కలిపే ఉత్పత్తులతో మొదలుపెట్టకపోవడం మంచిది. వాటికి సంరక్షక పదార్థాలు, ప్రయోగశాల పరీక్షలు కావాలి.

అంత జాగ్రత్తగా చేసినా గడువును ఊహించి రాయకూడదు. ప్రతి విడత నుంచి రెండు సబ్బులు, రెండు సీసాలు అమ్మకుండా అట్టే పెట్టి, నెలనెలా రంగు, వాసన చూసి పుస్తకంలో రాయాలి. సబ్బు మీద జేగురు రంగు మచ్చలు మొదలైతే లోపలి నూనె పాడవుతున్నట్టు. ఆ విడతలో ఏ డబ్బా నూనె వాడారో పుస్తకం చెప్పాలి. నూనె సీసా మీద విడత సంఖ్య వేయమని నియమం ఉన్నది ఇందుకే. సబ్బుకైతే దాని బదులు తయారైన నెల, సంవత్సరం వేస్తారు. వీటితో పాటు తయారీదారు పేరు, చిరునామా, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి.

చివరిది, అందరూ పొరబడే చోటు. "జుట్టు రాలడం ఆగుతుంది", "గజ్జి తగ్గుతుంది" అని రాసిన క్షణం నూనె, సబ్బు సౌందర్య సాధనాలు కాకుండా మందులైపోతాయి. వాటికి వేరే లైసెన్సు ఉంటుంది. కొత్త జుట్టు మొలిపిస్తామని చెప్పడానికైతే మందులకే అనుమతి లేదు. "తలకు రాసుకునే నూనె", "స్నానపు సబ్బు" అంటే చాలు.

సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మడానికి 2020 నాటి నియమాల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు తీసుకోవాలి. దరఖాస్తు సీఓఎస్-5 ఫారంలో, లైసెన్సు సీఓఎస్-8లో వస్తుంది. తయారీని పర్యవేక్షించడానికి అర్హత ఉన్న ఒకరుండాలి. రసాయన శాస్త్రంతో ఇంటర్ పాసైనవారూ సరిపోతారు కాబట్టి సంఘంలోనే ఒక కోడలో, కూతురో దొరకవచ్చు. సొంత గది లేకపోతే, లైసెన్సున్న వేరే యూనిట్‌లో చేయించుకునేందుకు లోన్ లైసెన్సు ఉంది. లైసెన్సు సంఖ్య కూడా లేబుల్ మీద ఉండాల్సిందే కనుక అది చేతికి రాకముందు ప్రెస్‌కు డబ్బు కట్టకండి. ఈలోగా చేసిన సబ్బులు మీ ఇళ్లలో వాడి చూడండి, అమ్మకండి.