రీడింగ్ రూమ్‌కు నెలనెలా ఫీజు కడుతున్నారా? అశోక్ నగర్ పక్కనే ఫ్రీగా చదువుకోవచ్చు.. కానీ ఈ విషయాలు తెలియాలి!

హైదరాబాద్‌లో గ్రూప్స్, డీఎస్సీ, పోలీస్ ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యేవాళ్లందరికీ అశోక్ నగర్ తెలిసిందే. గల్లీకో కోచింగ్ సెంటర్, దాని పక్కనే ఓ ప్రైవేట్ రీడింగ్ రూమ్. హాస్టల్ ఫీజు కట్టాక చేతిలో మిగిలేదే తక్కువ. అందులోంచి కూర్చునే కుర్చీకి కూడా అద్దె కట్టాలంటే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు మళ్లీ ఫోన్ చేయాల్సిందే. అయితే నడిచి వెళ్లేంత దూరంలోనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడ కూర్చుని చదువుకోవడానికి నెల ఫీజు ఉండదు.

నిజానికి ఆ డబ్బు జనం ముందే కట్టేశారు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. అంటే పన్ను రూ.5,000 అయితే లైబ్రరీల పేరుతో రూ.400 కట్టినట్టే. కట్టేది ఓనరే అయినా ఆ భారం ఎంతో కొంత అద్దెలోనూ ఉంటుంది. మరి లైబ్రరీల్లో కొత్త పుస్తకాలు ఎందుకు కనిపించవు అంటారా? వసూలైన సెస్సు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు టైమ్‌కు చేరకపోవడం ఏళ్లుగా ఉన్న సమస్య.

సీటు ఒక్కటే కాదు.. ఎడిషన్ కూడా చూడాలి

గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్న ఓ అభ్యర్థిని ఉదాహరణగా తీసుకుందాం. పొద్దున కాస్త ఆలస్యమైనా చిక్కడపల్లిలో సీటు దొరకడం కష్టం. నోటిఫికేషన్ల సీజన్‌లో అయితే చెప్పక్కర్లేదు. అందుకే తెరిచే టైమ్‌కే వెళ్లాలి. సొంత పుస్తకాలు చదువుకునే హాల్ వేరు, లైబ్రరీ పుస్తకాలు ఉండే సెక్షన్ వేరు అని గుర్తుంచుకోవాలి. సొంత పుస్తకాలతో నేరుగా రెండో దాంట్లోకి వెళ్తే గేటు దగ్గరే ఆపేయొచ్చు.

ఇక అసలు దెబ్బ తగిలేది పుస్తకం దగ్గర. అల్మారాలో తెలంగాణ జాగ్రఫీ పుస్తకం కనిపించగానే నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టొద్దు. ముందు జిల్లాల సంఖ్య చూడాలి. 10 జిల్లాలని ఉంటే అది 2016 అక్టోబర్‌కు ముందు పుస్తకం. 31 అని ఉంటే 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట ఏర్పడక ముందుది. ఇప్పుడున్నవి 33. పాత పుస్తకంలో నదులు, నేలలు, శాతవాహనులు, కాకతీయుల చరిత్ర ఎక్కడికీ పోవు, వాటిని ధైర్యంగా చదువుకోవచ్చు. కానీ జిల్లాలు, పథకాలు, బడ్జెట్ లెక్కలు మాత్రం పాత పుస్తకంలో చదివితే మార్కులు పోతాయి. వాటికి ఆ ఏడాది ప్రభుత్వం విడుదల చేసే సామాజిక ఆర్థిక సర్వేనే చూడాలి. అది ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతుంది.

పేపర్ల సెక్షన్‌ను కూడా చాలామంది వదిలేస్తుంటారు. పొద్దున్నే పెద్దవాళ్లు పేపర్లు తిరగేస్తుంటారు కాబట్టి అభ్యర్థులు మధ్యాహ్నం వెళ్తే ప్రశాంతంగా మూడు నాలుగు పేపర్లు చూసి కరెంట్ అఫైర్స్ నోట్స్ రాసుకోవచ్చు.

పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే మాత్రం సభ్యత్వం ఉండాలి. దీనికి డిపాజిట్ కట్టాలి, సభ్యత్వం మానేసినప్పుడు అది తిరిగిస్తారు. ఆ రసీదు పోతే డిపాజిట్ వెనక్కి తెచ్చుకోవడానికి తిప్పలు తప్పవు. కట్టిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం బెటర్.

మీ ఏరియా లైబ్రరీకి తాళం ఉందా?

చిక్కడపల్లికి దూరంగా ఉండేవాళ్లకు శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. వీటి దగ్గరే చాలామంది పొరబడతారు. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి, తాళం చూసి 'మూసేశారు' అనుకుని వచ్చేస్తారు. ఇవి చాలా వరకు ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు రెండు విడతలుగా నడుస్తాయి. వారపు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. అంటే ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఆదివారం కలిసొస్తుందన్నమాట. రోజంతా కూర్చోవడానికి ఇవి పనికిరావు గానీ పేపర్లకు, రివిజన్‌కు సరిపోతాయి.

పరీక్షలతో పనిలేకుండా చరిత్ర మీద ఇష్టంతో చదివేవాళ్లు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లొచ్చు. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి బిల్డింగ్‌లోకి మారింది. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీక పుస్తకాలు కూడా ఇక్కడ ఉన్నాయి. పాతబడిన అరుదైన పుస్తకాలు ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి.

నాటకాలు, సంగీతం, పుస్తక చర్చలు ఇష్టపడేవాళ్లకు బంజారాహిల్స్‌లోని లామకాన్ ఉంది. 2010లో మొదలైన ఈ వేదిక ఓ పాత రాతి ఇంట్లో నడుస్తోంది. ఊరికే వెళ్లి కూర్చోవడానికి టికెట్ ఉండదు. కొన్ని నాటకాలకు, కచేరీలకు మాత్రం టికెట్ పెడతారు, కాబట్టి బయల్దేరే ముందు ఆ రోజు ప్రోగ్రామ్ ఏంటో చూసుకోవాలి.