‘కొంచెం బ్రెడ్డు’ ఉంటే ద్యు, లేకపోతే ద

ఫ్రెంచి భాషలో కోడికి మూడు రకాల మర్యాదలు జరుగుతాయి. ‘ల పూలే’ అంటే అందరికీ తెలిసిన ఫలానా కోడి, లేదా మొత్తంగా కోడిమాంసం అనే వంటకం. ‘అఁ పూలే’ అంటే ఒక కోడి, తల నుంచి తోక దాకా. ‘ద్యు పూలే’ అంటే కోడిమాంసం కొంత, కంచంలో పడేంత. మధ్యాహ్నం భోజనంలో ఏం తిన్నావని అడిగితే రెండో రకంగా జవాబు చెప్పినవాడు ఒక్కడే కోడినంతా లాగించాడని ఫ్రెంచివాళ్లకు అర్థమవుతుంది. తేడా అంతా కోడికి ముందున్న ఆ చిన్న మాటలోనే ఉంది.

ఈ మూడో రకాన్ని వ్యాకరణంలో పార్టిటివ్ ఆర్టికల్ అంటారు. ఒక పదార్థంలో ఎంతో చెప్పకుండా కొంత భాగాన్ని సూచించడం దాని పని. పుంలింగ పదాల ముందు ‘ద్యు’, స్త్రీలింగ పదాల ముందు ‘ద లా’, అచ్చుతో మొదలయ్యే మాటైతే ‘ద ల్’ వస్తాయి. అంటే బ్రెడ్డుకు ‘ద్యు పేఁ’, మాంసానికి ‘ద లా వ్యాఁద్’, నీళ్లకు ‘ద లో’. బహువచనంలో ‘దే’ వస్తుంది. పాలకూరను పోలిన ఎపినార్ అనే ఆకుకూరను ఫ్రెంచివాళ్లు ఎప్పుడూ బహువచనంలోనే చెబుతారు కాబట్టి అది ‘దేజ్ ఎపినార్’. ఈ ‘దే’ నిజంగా పార్టిటివేనా, లేక ‘అఁ’కు బహువచనమా అని వ్యాకరణకర్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన తేలేవరకు కూర చల్లారిపోనవసరం లేదు. వాడుకలో రెండింటి నడకా ఒకటే.

వీటి పుట్టుక ‘ద’ అనే విభక్తి లాంటి మాట. దానికి ‘యొక్క’, ‘నుంచి’, ‘లో’ అనే అర్థాలన్నీ ఉన్నాయి. ‘ద’, ‘ల’ పక్కపక్కన పడితే కలిసిపోయి ‘ద్యు’ అవుతాయి. ‘ద’, ‘లే’ కలిస్తే ‘దే’ అవుతుంది. స్త్రీలింగంలో కలయిక జరగదు, అందుకే ‘ద లా’ రెండు ముక్కలుగానే మిగిలింది. పాత ఫ్రెంచిలో ‘ద్యు పేఁ’కు పూర్వరూపం అన్నప్పుడు ముందే మాట్లాడుకున్న ఒక ఫలానా బ్రెడ్డులోంచి కొంత అని అర్థం. ఊరికే బ్రెడ్డు తిన్నానని చెప్పాలంటే ఏ ఆర్టికలూ లేకుండా చెప్పేవాళ్లు, మనం ‘అన్నం తిన్నాను’ అన్నట్టే. తర్వాతి శతాబ్దాల్లో ఫలానా అన్న భావం కరిగిపోయి, ఏ బ్రెడ్డైనా సరే ‘కొంత’ ఉంటే చాలు, ఈ రూపం తప్పనిసరి అయింది.

తప్పనిసరి ఎంతదాకా వెళ్లిందంటే, తూకానికి దొరకనివాటికీ ఇదే వాడతారు. ధైర్యం ఉందంటే ‘ద్యు కురాజ్’ ఉన్నట్టు, అదృష్టం ఉందంటే ‘ద లా షాఁస్’ ఉన్నట్టు. బయట గాలి వీస్తుంటే ‘ద్యు వాఁ’. మొజార్ట్ సంగీతం వింటున్నానని చెప్పడానికి ‘ద్యు మొజార్ట్’ అంటారు. పాపం, మొజార్ట్‌ను కూడా కొంతే వడ్డిస్తారన్నమాట.

అసలు చిక్కు వంటింట్లో మొదలవుతుంది. ఏటా ఫిబ్రవరి 2న ఫ్రాన్స్‌లో శాఁద్లర్ అనే పండుగకు ఇంటింటా క్రెప్‌లు వేసుకుంటారు. పల్చటి గోధుమపిండి అట్టు అది. పిండి కలపడానికి ఏమేం కావాలో ఇంట్లో చెప్పుకునేటప్పుడు ‘ద లా ఫరీన్’ అంటారు, అంటే పిండి. ‘ద్యు బర్’ అంటే వెన్న, ‘ద్యు స్యూక్ర్’ అంటే చక్కెర. ఎంత అని ఇంకా తేల్చలేదు కాబట్టి అన్నీ పార్టిటివ్‌లే. అదే మనిషి కొట్టుకు వెళ్లి కొలత చెప్పగానే మాట మారిపోతుంది. కిలో పిండి ‘అఁ కిలో ద ఫరీన్’. కొంచెం వెన్న ‘అఁ పు ద బర్’. బోలెడంత చక్కెర ‘బోకూ ద స్యూక్ర్’. లా పోయింది, ద్యు పోయింది, ఉత్త ‘ద’ మిగిలింది. కారణం తేలికే. ‘కొంత’ అని చెప్పడానికే ఆర్టికల్ కావలసి వచ్చింది. ‘కిలో’ అనే కొలత ఆ పని చేసేశాక, కొలతకూ పదార్థానికీ మధ్య ముడి వేయడానికి ‘ద’ ఒక్కటి చాలు.

కొట్టులో వెన్న అయిపోయిందనుకుందాం. కొట్టువాడు ‘ఇల్ న్యా ప్లు ద బర్’ అంటాడు, అంటే వెన్న ఇక లేదని. ఇక్కడా ‘ద్యు’ మాయమై ‘ద’ వచ్చింది. బ్రెడ్డు తింటాను అనడానికి ‘జ మాఁజ్ ద్యు పేఁ’, తినను అనడానికి ‘జ న మాఁజ్ పా ద పేఁ’. ఇది వ్యతిరేకార్థానికి ప్రత్యేకంగా పెట్టిన సూత్రమని పాఠ్యపుస్తకాలు ఒక పెట్టెలో గీసి చూపిస్తాయి, విద్యార్థులు బట్టీ పడతారు. కానీ కొట్టులో కిలో పిండికి పట్టిన సూత్రమే ఇదీ. వ్యతిరేకవాక్యంలో కొలత ఎక్కడుందో కనిపించకపోవడమే ఇబ్బంది.

ఆ కొలత ‘పా’. నేటి ఫ్రెంచిలో ‘పా’ అంటే ‘కాదు, లేదు’ అనే అర్థం. అయితే ఆ మాటకు అసలు అర్థం అడుగు, నడిచేటప్పుడు వేసే అడుగు. ఆ అర్థంలో ఇవాళ్టికీ వాడుకలో ఉంది. లాటిన్ నుంచి వచ్చిన వ్యతిరేకార్థకం ‘న’ ఒక్కటే పాత ఫ్రెంచిలో ఉండేది. అది నోట్లో నలిగి వినపడనంత బలహీనమైపోయింది. దానికి ఊతంగా జనం అతిచిన్న పరిమాణాలను తెచ్చి పెట్టారు. నడవలేదనడానికి ‘అడుగు నడవలేదు’ అన్నారు, అక్కడ ‘పా’ వచ్చింది. తినలేదనడానికి ‘మీ’, అంటే రొట్టె తునక. తాగలేదనడానికి ‘గూత్’, అంటే చుక్క. వీటికి తోడు ‘ప్వేఁ’, అంటే బిందువు. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మెతుకు ముట్టలేదు, చుక్క నీళ్లు తాగలేదు, చిల్లిగవ్వ లేదు అని మనం అంటూనే ఉంటాం.

తేడా ఎక్కడొచ్చిందంటే, తెలుగులో ఇవి అప్పుడప్పుడూ వాడే గట్టి మాటలుగా ఉండిపోయాయి, ఫ్రెంచిలో మాత్రం రోజూ వాడి వాడి అరిగిపోయాయి. వాటిలో ‘పా’ మిగతావాటిని పక్కకు నెట్టి, నడకతో పనిలేని క్రియల దగ్గరకూ చేరి మామూలు వ్యతిరేకార్థకం అయి కూర్చుంది. బలహీనపడ్డ వ్యతిరేకార్థకానికి ఊతం దొరకడం, ఆ ఊతమే చివరికి అసలు మాట కావడం చాలా భాషల్లో కనిపిస్తుందని డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1917లో వివరించాడు. నేటి ఫ్రెంచి ఆ దారిలో చివరి మలుపులో ఉంది. మాటల్లో ‘న’ను చాలామంది పలకనే పలకరు. ‘జే పా ద పేఁ’ అంటారు, నా దగ్గర బ్రెడ్డు లేదని. ఇంటి ముందు ఉత్తరాల డబ్బాల మీద ‘పా ద ప్యుబ్’ అని అతికించి ఉంటుంది. ప్రకటనల కాగితాలు వేయొద్దని దానర్థం. ఊతకర్ర మిగిలింది, మనిషి వెళ్లిపోయాడు.

ఈ పాత అర్థాన్ని తిరిగి పెట్టి చదివితే వాక్యం విచ్చుకుంటుంది. రొట్టె తునక తినలేదు అన్నచోట తునకకూ రొట్టెకూ మధ్య ‘ద’ కావాలి, కిలోకూ పిండికీ మధ్య ఉన్నట్టే. తునక స్థానంలోకి ‘పా’ వచ్చినా ‘ద’ అక్కడే ఉండిపోయింది. అలా ‘పా ద పేఁ’ అంటే, కొలత సున్నా అయిన బ్రెడ్డు. ఎన్నడూ అనే అర్థమున్న ‘జమే’, ఇక లేదనే ‘ప్లు’ కూడా ఇదే వరుసలో చేరాయి. లెక్కపెట్టే వస్తువులకూ ఇది పాకింది. తమ్ముడున్నాడంటే ‘అఁ ఫ్రేర్’, లేడంటే ‘పా ద ఫ్రేర్’.

సున్నా కొలత అనే ఈ మాట పట్టుకుంటే, పుస్తకాల్లో మినహాయింపుల కింద వేసే వాక్యాలు కూడా దారిలోకి వస్తాయి. ‘స నె పా ద్యు వేఁ’ అనేది అందులో మొదటిది. ఇది వైన్ కాదు అని అర్థం. వ్యతిరేకమే అయినా ‘ద్యు’ కదల్లేదు. ఎందుకంటే ఇక్కడ గ్లాసులో పదార్థం ఉంది. దాని పరిమాణం సున్నా కాలేదు, అది వైన్ అన్న మాటే అబద్ధమైంది. ఈ భేదం పట్టుకోవడంలో తెలుగు మాట్లాడేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని తరగతి గదుల్లో ఎందుకో వాడుకోరు. తెలుగులో వైన్ లేదు అన్నది వేరు, వైన్ కాదు అన్నది వేరు. ‘లేదు’ వచ్చే చోట ‘పా ద’, ‘కాదు’ వచ్చే చోట ‘పా ద్యు’.

ఇంకాస్త కష్టమైన వాక్యం మీద దీన్ని పరీక్షించవచ్చు. ‘జ న బ్వా పా ద్యు వేఁ, మె ద లా బియేర్’ అని ఒకడంటాడు. క్రియ తాగడం, వాక్యం వ్యతిరేకం, సూత్రం ప్రకారం ‘ద’ రావాలి. రాలేదు. తెలుగులో చెప్పి చూస్తే, నేను తాగుతున్నది వైన్ కాదు, బీరు అని వస్తుంది. తాగడం ఆగలేదు, తాగేదేమిటన్నదే మారింది. వ్యాకరణ పుస్తకాలకు ఇష్టమైన మరో ఉదాహరణ, తగలేయడానికి నా దగ్గర డబ్బు లేదనేది. అక్కడ ‘పా ద ల్ అర్జాఁ’ అని ఆర్టికల్ నిలబెడితే డబ్బు ఉంది గానీ అది తగలేయడానికి కాదు అని అర్థం. ‘పా ద్ అర్జాఁ’ అంటే డబ్బే లేదు. అప్పు అడగడానికి వచ్చినవాడికి ఈ తేడా చాలా ముఖ్యం.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. జున్ను నాకు ఇష్టం లేదు అనే వాక్యంలో తెలుగున ‘లేదు’ ఉంది గానీ, ఫ్రెంచిలో అది ‘జ నెమ్ పా ల ఫ్రొమాజ్’. ఇష్టాయిష్టాలు చెప్పేటప్పుడు కొంత జున్ను గురించి కాదు, జున్ను అనే జాతి మొత్తం గురించి మాట్లాడుతున్నాం. కాబట్టి మొదటినుంచీ అక్కడ ఉన్నది పార్టిటివ్ కాదు, ‘ల’. లేని ద్యు ‘ద’గా మారే ప్రశ్నే రాదు. అలాగే ‘జ న బ్వా క ద్యు తే’ అనే వాక్యంలో ‘న’ చూసి తొందరపడకూడదు. టీ మాత్రమే తాగుతాను అని దానర్థం. టీ కప్పులో ఉంది, కాబట్టి ‘ద్యు’ కూడా ఉంది.

పక్కింటి ఇటాలియన్‌లోనూ పార్టిటివ్ ఉంది, బ్రెడ్డు తింటానంటే ‘దెల్ పానె’. కానీ అక్కడ వ్యతిరేకార్థకం ‘నోన్’ ఊతం లేకుండానే నిలబడింది. తినను అన్నప్పుడు మామూలుగా ‘నోన్ మాంజో పానె’ అనేస్తారు. కొలతగా పనిచేసే మాట లేదు, దాని వెనక ‘ది’ కూడా లేదు. ఫ్రెంచి ‘ద’కు కారణం ‘పా’ చరిత్రే అనడానికి ఇది మంచి సాక్ష్యం.

ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. ‘పా ద పేఁ’, ‘పా ద వ్యాఁద్’ అన్న రెంటిలో ఏది పుంలింగమో ఏది స్త్రీలింగమో తెలియదు. లింగం గుర్తులేనివాడికి లేదని చెప్పడం హాయిగా ఉంటుంది, ఉందని చెప్పాల్సి వచ్చినప్పుడే దొరికిపోతాడు. కొత్త మాట నోటుబుక్కులో రాసుకునేటప్పుడు ఉత్త పేరు కాకుండా ‘ద్యు పేఁ’, ‘ద లా వ్యాఁద్’ అని ఆర్టికల్‌తో కలిపే రాసుకోండి.