మిల్లీగ్రాముల్లో తూగిన గాలి

శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి 2002 నుంచి సతీశ్ ధవన్ పేరుంది. రాకెట్ల కార్యక్రమాన్ని నడిపిన మనిషిగానే ఆయన అందరికీ గుర్తు. అంతకు చాలా ముందు, అమెరికాలోని కాల్టెక్‌లో విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆయన తూచింది మాత్రం గాలి లాగుడుని. చదునైన పలక మీదుగా గాలి వీస్తే ఆ పలక ఎంత బలంతో వెనక్కి లాగబడుతుంది? దీన్ని నేరుగా కొలవడానికి పలక ఉపరితలంలోంచి ఒక చిన్న ముక్కను విడిగా, కదిలేలా అమర్చాడు. గాలి రాపిడికి ఆ ముక్క కొంచెం జరుగుతుంది. ఆ జరుగుబాటును విద్యుత్ సంకేతంగా మార్చి బలాన్ని లెక్కగట్టాడు. ఆ బలాలు దాదాపు 1 మిల్లీగ్రాము నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉండేవి. 1953లో అమెరికా వైమానిక సలహా సంస్థ నాకా ఆ పనిని నివేదికగా ప్రచురించింది.

అంత చిన్న బలం కోసం అంత శ్రమ ఎందుకంటే, పలక మీద గాలి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఆ రెంటిలో రాపిడి చాలా తేడాగా ఉంటుంది. పైగా ఆ తేడా మొదటి చూపుకి తలకిందులుగా కనిపిస్తుంది.

గాలి ఎంత జోరుగా వీచినా పలకను తాకిన గాలి కదలదు, అక్కడే అతుక్కుపోతుంది. పలక నుంచి పైకి వెళ్లేకొద్దీ వేగం పెరిగి, కొంత ఎత్తులో అసలు గాలి వేగాన్ని అందుకుంటుంది. ఈ మధ్యలోని పల్చటి ప్రాంతమే సరిహద్దు పొర. జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో హైడెల్‌బెర్గ్ గణిత సమావేశంలో దీన్ని ప్రతిపాదించాడు. ఆయన శిష్యుడు బ్లాసియస్ 1908లో చదును పలకకు లెక్క తేల్చి చూపాడు. పొర ఎక్కడ ముగుస్తుందో చెప్పే గీత ప్రకృతిలో లేదు. వేగం 99 శాతానికి చేరిన చోటు అంచు అనుకోవడం ఇంజనీర్ల ఒప్పందం, అంతే.

ఒక లెక్క చూద్దాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న నున్నటి పలక. దాని మీద సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్ల వేగంతో గాలి. వేగాన్ని దూరంతో గుణించి, గాలి జిగటను చెప్పే అంకెతో భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య వస్తుంది. ఈ పలక చివర అది 10 లక్షలు.

గాలి పొరలు పొరలుగా, కలగాపులగం కాకుండా జారిపోతే అది లామినార్ ప్రవాహం. బ్లాసియస్ లెక్కన పలక చివర దాని సరిహద్దు పొర మందం 5 మిల్లీమీటర్లు. మొదటి నుంచీ సుడులతో కలిసిపోతూ వెళితే అది టర్బులెంట్ ప్రవాహం. అప్పుడు పొర దాదాపు 23 మిల్లీమీటర్లు మందమెక్కుతుంది.

పొర మందమైతే వేగం నిదానంగా మారుతుంది కాబట్టి రాపిడి తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగేది అందుకు విరుద్ధం. చివర ఒక చదరపు సెంటీమీటరు మీద లామినార్ పొర లాగే బలం సుమారు 0.9 మిల్లీగ్రాములు. టర్బులెంట్ పొరది సుమారు 5 మిల్లీగ్రాములు. ధవన్ పరికరం ఎంత సున్నితంగా ఉండాల్సి వచ్చిందో ఈ అంకెల్లోనే తెలుస్తుంది.

కిటుకు ఏమిటంటే, రాపిడి మొత్తం మందాన్ని బట్టి ఉండదు. పలకను ఆనుకున్న చోట వేగం ఎంత నిటారుగా పెరుగుతోందన్నదే దాన్ని నిర్ణయిస్తుంది. పలక చివర, ఉపరితలం నుంచి అర మిల్లీమీటరు పైన లామినార్ గాలి వేగం సెకనుకు రెండున్నర మీటర్లే. టర్బులెంట్ పొరలో అదే ఎత్తున ఏడెనిమిది మీటర్లు ఉంటుంది. సుడులు పైనున్న వేగవంతమైన గాలిని కిందికి తోస్తాయి, కింద మందగించిన గాలిని పైకి లాగుతాయి. పలక పక్కనే వేగం నిటారుగా ఉండిపోవడానికీ, నెమ్మదించిన గాలి పైకి దూరందాకా వ్యాపించడానికీ ఈ ఒక్క కలయికే కారణం.

అందుకే మందాన్ని రాపిడికి కారణంగా చూడకూడదు. అది ఇప్పటిదాకా జరిగిన రాపిడికి ఖాతా పుస్తకం లాంటిది: పలక ముందంచు నుంచి ఇక్కడిదాకా గాలి పోగొట్టుకున్న ఊపంతా ఆ పొరలో జమై ఉంటుంది. ఎక్కువ పోగొట్టుకున్న గాలికి పొర మందంగానే ఉండాలి. కార్మన్ 1921లో ఈ జమాఖర్చునే సమీకరణంగా రాశాడు.

దూరంతో పెరిగే తీరు కూడా వేరు. పలక పొడవు నాలుగింతలైతే లామినార్ పొర రెండింతలు అవుతుంది, టర్బులెంట్ పొర మూడింతలు. రెంటిలోనూ ప్రతి చదరపు సెంటీమీటరుకు రాపిడి ముందంచు దగ్గర ఎక్కువగా, వెనక్కి పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. అయితే లామినార్‌లో ఆ తగ్గుదల వేగంగా జరుగుతుంది.

మరి పొర నుంచి వేగాలు కొలిచి రాపిడిని ఊహిస్తే సరిపోదా? లామినార్‌లో సరిపోతుంది. టర్బులెంట్‌లో చిక్కుంది. పైపొర వేగాన్ని చక్కగా చెప్పే ప్రసిద్ధమైన ఏడో వంతు ఘాత సూత్రాన్ని పలక దాకా లాగితే, అక్కడ రాపిడి అనంతమని తేలుతుంది. నిజానికి పలకను ఆనుకుని, మన ఉదాహరణలో మిల్లీమీటరులో పదో వంతు మందాన, జిగటే రాజ్యమేలే చిన్న ఉపపొర ఉంటుంది. దానిలో వేగం కొలవడం కష్టం. కాబట్టి నేరుగా తూచడమే నమ్మదగిన దారి. ధవన్ ఫలితాలు లామినార్‌లో బ్లాసియస్‌తోనూ, టర్బులెంట్‌లో కార్మన్‌తోనూ బాగా కలిశాయి. ఈ పద్ధతికీ తన గండాలున్నాయి. కదిలే ముక్క పక్క ఉపరితలం కంటే వెంట్రుకవాసి పైకి లేచినా, ముక్క అంచుల మీద గాలి ఒత్తిడి రాపిడితో కలిసి కొలతను పాడుచేస్తుంది.

ఇక అసలు పలక మీద లామినార్ ఎంతసేపు ఉంటుందన్నది ప్రశ్న. సాధారణ గాలిలో రేనాల్డ్స్ సంఖ్య 5 లక్షల దగ్గర మార్పు వస్తుందని పుస్తకాలు రాస్తాయి. అది నియమం కాదు, వాడుక అంకె. 1940లలో అమెరికన్ శాస్త్రవేత్తలు షూబౌర్, స్క్రామ్‌స్టాడ్ గాలి సొరంగంలో అలజడిని 0.1 శాతం కంటే తగ్గించినప్పుడు, లామినార్ పొర 28 లక్షల దాకా నిలిచింది. మార్పు జరిగే చోట గీత గీసినట్టు ఉండదు. సుడుల మచ్చలు అక్కడక్కడ పుట్టి, వెనక్కి పోతూ కలిసిపోతాయి. ఆ మధ్య ప్రాంతంలో ఎంత సేపు లామినార్, ఎంత సేపు టర్బులెంట్ అన్న లెక్కను 1958లో ధవన్, రొద్దం నరసింహ కలిసి రాశారు.

ఎక్కడ మారిందో చూడటానికి సులువైన పద్ధతి నాఫ్తలీన్ పూత. సుడులున్న చోట అది త్వరగా ఆవిరైపోయి పలక బయటపడుతుంది, లామినార్ చోట తెల్లగా మిగులుతుంది.

మన మీటరు పలకకే వద్దాం. ఒక వైపు మాత్రమే లెక్కేస్తే, ప్రశాంతమైన గాలిలో పొర చివరిదాకా లామినార్‌గా ఉన్నప్పుడు మొత్తం లాగుడు సుమారు 18 గ్రాములు. సగం దూరంలో మార్పు వస్తే దాదాపు 40. ముందంచు దగ్గర గరుకు కాగితపు పట్టీ అతికించి మొదటి నుంచే సుడులు రేపితే 64 గ్రాములు. పలకా, గాలి వేగమూ ఏమీ మారలేదు.